శాతం చెప్పేముందు ఎందరిలో ఎందరో చెప్పండి

(గ్రామ కమిటీ కార్యదర్శులు, సర్వే కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ప్రభుత్వం చేసిన తప్పు గురించి కాదు, కంపెనీ చేసిన మోసం గురించి కాదు. మనం చేసిన తప్పు గురించి. మన సంఘం రాసిన ఒక నివేదిక గురించి. అందులో ఒక్క అబద్ధం లేదు. రాసిన ప్రతి అంకె నిజమే. అయినా ఆ నివేదిక వల్ల విత్తనం మొలవక నష్టపోయిన రైతులకు మేలు జరగకపోగా, వాళ్ల ఫిర్యాదు మూలన పడింది. ఎందుకట్లా జరిగిందో తెలుసుకోకుండా మళ్లీ సర్వే కాగితాలు పట్టుకుని ఊళ్లకు పోవద్దని మండల కమిటీలో అనుకున్నాం. అందుకే ఈ తరగతి.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. ముంగారు వానలకు మన పక్క ఐదు ఊళ్లలో సబ్సిడీ వేరుశనగ విత్తనం వేశారు. వారం దాటినా సాళ్లలో మొలక సరిగా కనపడలేదు. కొన్ని చేలల్లో మూర పొడవు సాలులో ఒక్క మొక్క లేదు. ఫోన్లు వచ్చాయి. మనం కదిలాం. వేరుశనగ మొలక ఫిర్యాదులో తొందర ఉంటుందని మీకు చెప్పనక్కర్లేదు. పదును ఉండగానే రైతు చేను చెడగొట్టి మళ్లీ విత్తుకుంటాడు. ఆ తర్వాత చూడటానికి చేలో ఏమీ మిగలదు. అందుకే రెండు రోజుల్లో ఐదు ఊళ్లు తిరిగి, దొరికినవాళ్లను అడిగి, మూడో రోజు రాత్రి కూర్చుని నివేదిక రాశాం. సగం కన్నా తక్కువ మొలిచిన చేనును 'మొలవని చేను' అని లెక్కపెట్టాం.

నివేదికలో ఏం రాశామంటే: మొదటి ఊళ్లో 75 శాతం రైతులకు విత్తనం మొలవలేదు. రెండో ఊళ్లో 50 శాతం. మూడో ఊళ్లో ఎవరికీ నష్టం లేదు. నాలుగో ఊళ్లో 53 శాతం. ఐదో ఊళ్లో నూటికి నూరు శాతం. ఐదు ఊళ్ల సగటు 56 శాతం. పైన పెద్ద అక్షరాలతో 'ఒక ఊళ్లో నూరు శాతం విత్తనం విఫలం' అని పెట్టాం. పత్రికల వాళ్లు కూడా ఆ మాటే రాసుకున్నారు. మనం సంతోషపడ్డాం.

తనిఖీకి వచ్చిన అధికారి కూడా ఆ నూరు శాతం ఊరికే పోయాడు. మనమే కదా ఆ ఊరు ముందు పెట్టింది. అక్కడ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమందిని అడిగారు?" అని. ముగ్గురిని. ఆ ముగ్గురూ అన్నదమ్ములు. ఒకే బండిలో విత్తనం తెచ్చుకున్నారు, ఒకే ట్రాక్టరు గొర్రుతో ఒకే రోజు వేశారు. అదీ వాన చాలక, పైన తడి కింద పొడి ఉన్నప్పుడు. అధికారి మట్టి తవ్వి చూసి, 'పదును చాలక మొలవలేదు, విత్తన లోపం అని చెప్పలేము' అని రాసుకుని పోయాడు. మిగతా నాలుగు ఊళ్లకు పోనే లేదు. పోతే చూసేవాడు, రెండో ఊళ్లో 26 మంది, నాలుగో ఊళ్లో 20 మంది మంచి పదునులో వేసి నష్టపోయినవాళ్లు ఉన్నారని. ఆ 46 మంది గోడు ఈ ముగ్గురి శాతం కింద పడి నలిగిపోయింది.

ఆయన్ని తిట్టడం తేలిక. ఒక్క ఊరు చూసి ఫిర్యాదు మూసేయడం ఆయన తప్పే. కానీ ఆయన్ని ఆ ఊరికి పంపించింది మన కాగితం.

దాచిపెట్టిన అంకె

ఇప్పుడు అదే నివేదికను శాతాలు తీసేసి, మన సర్వే కాగితాల్లో ఉన్నట్టు చదువుతాం. వినండి.

మొదటి ఊరు: 4 మందిని అడిగాం, 3 మందికి మొలవలేదు.
రెండో ఊరు: 52 మందిని అడిగాం, 26 మందికి మొలవలేదు.
మూడో ఊరు: 5 మందిని అడిగాం, ఎవరికీ నష్టం లేదు.
నాలుగో ఊరు: 38 మందిని అడిగాం, 20 మందికి మొలవలేదు.
ఐదో ఊరు: 3 మందిని అడిగాం, 3 మందికీ మొలవలేదు.

ఇట్లా చదివితే చదువు రాని ముసలమ్మకైనా ఏ ఊరి మాట గట్టిదో తెలిసిపోతుంది. ముగ్గురిలో ముగ్గురు అనేది ఒక ఇంటి కథ. 52 మందిలో 26 మంది అనేది ఊరి కథ. శాతంగా మార్చేసరికి ఏమైంది? ఒక ఇంటి కథకు 100 వచ్చింది, ఊరి కథకు 50 వచ్చింది. చిన్నది పెద్దదైంది, పెద్దది చిన్నదైంది. శాతం అనేది ప్రతి ఊరినీ నూరుమంది ఉన్నట్టు చూపిస్తుంది. ముగ్గురిని అడిగినా నూరే, మూడు వేల మందిని అడిగినా నూరే. మనం ఎంత పని చేశామో, ఎంతమంది మాట విన్నామో అనే అంకె అందులో మాయమవుతుంది.

ఇంకొకటి గమనించండి. అన్నిటికన్నా ఎక్కువ శాతం ఏ ఊరిది? ముగ్గురిని అడిగిన ఊరిది. అన్నిటికన్నా తక్కువ? ఐదుగురిని అడిగిన ఊరిది. ఆ తర్వాత ఎక్కువ? నలుగురిని అడిగిన ఊరిది. ఎక్కువమందిని అడిగిన రెండు ఊళ్లూ మధ్యలో, 50, 53 దగ్గర నిలబడ్డాయి. ఇది మన ఐదు ఊళ్ల వింత కాదు. ఏ జిల్లా పట్టిక తీసుకున్నా ఎక్కువ నుంచి తక్కువకు వరుస పెడితే పైనా చిన్న ఊళ్లే ఉంటాయి, కిందా చిన్న ఊళ్లే ఉంటాయి. తక్కువమందిలో అంకె ఎటైనా దూకుతుంది. అందుకే 'జిల్లాలో అన్నిటికన్నా ఘోరం ఈ ఊరు', 'అన్నిటికన్నా ఆదర్శం ఆ ఊరు' అని ఎవరైనా అంటే ముందు ఆ ఊళ్లో లెక్కపెట్టింది ఎందరినో అడగాలి.

ఇప్పుడు ఆ మూడు చిన్న ఊళ్లను కలపండి. 4, 5, 3 కలిపితే 12 మంది. మొలవనివి 3, సున్నా, 3 కలిపితే 6. పన్నెండులో ఆరు, అంటే సగం. రెండో ఊళ్లో ఉన్నదీ సగమే. నాలుగో ఊళ్లోనూ దాదాపు సగమే. 75, సున్నా, 100 అని మూడు వేరువేరు కథలుగా మనం చెప్పినది కలిపి చూస్తే మిగతా ఊళ్ల కథలాగే ఉంది.

సగటు దగ్గర ఇంకో తప్పు చేశాం. ఐదు శాతాలను కూడి ఐదుతో భాగించి 56 అని రాశాం. అట్లా చేస్తే ముగ్గురి మాటకూ 52 మంది మాటకూ ఒకే బరువు ఇచ్చినట్టు. సరైన పద్ధతి మనుషులను కూడటం. మొత్తం అడిగింది 102 మందిని, మొలవనిది 52 మందికి, అంటే 51 శాతం. ఐదే తేడా అనుకోవచ్చు. కానీ ఎదుటివాడు కాగితం పట్టుకుని లెక్క తప్పు అని నిరూపిస్తే, మిగతా నిజాలు కూడా అనుమానంలో పడతాయి. శాతాలను ఎప్పుడూ కూడవద్దు. మనుషులను కూడి, చివర ఒక్కసారి శాతం కట్టండి.

చింతపిక్కల లెక్క

ఇందాక ఉదయం మనం చేసిన ఆట గుర్తు తెచ్చుకోండి. సంచిలో 200 చింతపిక్కలు వేశాం. వంద పిక్కలకు సున్నం రాశాం, వంద మామూలువి. సంచిలో సగం సున్నం పిక్కలని అందరికీ తెలుసు. నలభై మంది ఒక్కొక్కరూ చూడకుండా మూడు పిక్కలు తీసి, చూసి, మళ్లీ వేశారు. ఏమైంది? ఆరుగురికి మూడూ సున్నం పిక్కలే వచ్చాయి. నలుగురికి ఒక్క సున్నం పిక్క కూడా రాలేదు. సంచి మారలేదు, పిక్కలు మారలేదు. ఆరుగురు 'నూరు శాతం' అన్నారు, నలుగురు 'సున్నా శాతం' అన్నారు.

ఇది అదృష్టం కాదు, లెక్కే. సగం సున్నం పిక్కలున్న సంచిలో మూడు తీస్తే మూడూ సున్నంవే రావడం దాదాపు ఎనిమిది సార్లకు ఒకసారి జరుగుతుంది. ఒక్కటీ రాకపోవడం కూడా అంతే. అంటే ముగ్గురిని మాత్రమే అడిగి వచ్చే సర్వేల్లో నాలుగింట ఒకటి 'అందరికీ' అనో 'ఎవరికీ లేదు' అనో చెబుతుంది, అసలు సంగతి సగం సగం అయినా సరే.

తర్వాత ఇద్దరు తలా 52 పిక్కలు తీశారు. ఒకరికి 24 సున్నంవి, ఇంకొకరికి 28. అంతకన్నా దూరం పోలేదు. 52 తీస్తే అన్నీ సున్నంవే రావడం మన జన్మలో చూడం.

ఈ ఊగులాట ఎంత ఉంటుందో గుర్తుపెట్టుకోవడానికి ఒక మోటు లెక్క చెబుతాం. 25 మందిని అడిగితే వచ్చిన శాతం అటూ ఇటూ 20 వరకు ఊగవచ్చు. 100 మందిని అడిగితే 10 వరకు. 400 మందిని అడిగితే 5 వరకు. చూశారా, ఊగులాట సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లమందిని అడగాలి. పది పదిహేనుమందిని అడిగి వచ్చిన శాతం మీద రెండు ఊళ్లను పోల్చి 'ఈ ఊళ్లో పది శాతం ఎక్కువ' అనడం గాలిమాట.

విత్తన పరీక్షలోనూ ఇదే

ఈ సంగతి మనకు కొత్తగా అనిపిస్తుంది గానీ విత్తనం పరీక్ష చేసేవాళ్లకు పాతదే. ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం వేరుశనగ విత్తనం కనీసం 70 శాతం మొలవాలి. వరి 80, కంది 75. ఈ శాతం తేల్చడానికి ప్రయోగశాలలో 400 గింజలు వేస్తారు, వందేసి చొప్పున నాలుగు భాగాలుగా. వేరుశనగకైతే ఐదో రోజు ఒకసారి, పదో రోజు చివరిసారి మొలకలు లెక్కపెడతారు. నాలుగు వందలూ ఒకే నమూనాలోవి, ఒకే గదిలో ఒకే వేడిలో ఉంచినవి. అయినా నాలుగు అంకెలు ఒకటే రావు. సగటు 70 దగ్గర ఉన్నప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ మొలిచిన వందకూ తక్కువ మొలిచిన వందకూ మధ్య 18 వరకు తేడా ఉన్నా పరీక్ష సరిగానే జరిగిందని నిబంధన ఒప్పుకుంటుంది. అంతకు మించితేనే మళ్లీ పరీక్ష చేస్తారు. ఒకే విత్తనంలో ఒక వంద 62, ఇంకొక వంద 80 రావచ్చని వాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

మరి మనం ఇంట్లో ఏం చేస్తాం? పది గింజలు తడిగుడ్డలో కట్టి, ఏడు మొలిస్తే 70 శాతం అంటాం. నిజంగా 70 శాతం మొలిచే మంచి విత్తనంలో పది గింజలు తీసి వేస్తే, మామూలుగా నాలుగు నుంచి తొమ్మిది వరకు ఎన్నైనా మొలవచ్చు. అంటే 40 శాతం నుంచి 90 శాతం దాకా. మంచి విత్తనాన్ని చెడ్డదని పారేస్తాం. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. సగమే మొలిచే చెడ్డ విత్తనంలో పది గింజలు తీసి వేస్తే ఆరుసార్లకు ఒకసారి ఏడో అంతకన్నా ఎక్కువో మొలిచి, 'పాస్' అయిపోతుంది. ఆ ఒక్కసారి మన సంచే అయితే ఆ ఏడు పంట పోయినట్టే.

అందుకే ఇంట్లో పరీక్ష చేసేటప్పుడు కనీసం వంద గింజలు వేయండి. సంచి పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల నుంచి కాయలు తీసి ఒలిచి, పగిలినవీ బాగున్నవీ ఏరకుండా వచ్చినవి వచ్చినట్టు లెక్కపెట్టండి. తడిపి పిండిన గోనె పట్టా మీద పది వరుసలు, వరుసకు పది గింజలు పరిచి చుట్టి నీడన పెట్టండి. ఆరకుండా తడుపుతూ పదో రోజు వరకు చూడండి. వంద గింజలైతే 70 శాతం విత్తనం సాధారణంగా 61 నుంచి 79 మధ్యలో మొలుస్తుంది. ఇంకొంచెం ఓపిక ఉండి నాలుగు వందలు వేస్తే ఈ ఊగు 65 నుంచి 75 మధ్యకు వస్తుంది. పుస్తకంలో రాసుకునేటప్పుడు '68 శాతం' అని రాయవద్దు. '100 గింజల్లో 68' అని రాయండి. పది గింజల్లో ఏడు మొలిచిన పరీక్షా, 400 గింజల్లో 280 మొలిచిన పరీక్షా రెండూ 70 శాతమే. కానీ రెండో దాన్ని పట్టుకుని దుకాణదారుణ్ణి నిలదీయవచ్చు. మొదటి దాన్ని పట్టుకుని పోతే వాడు నవ్వుతాడు.

ఇదే ప్రశ్న మనం ఎదుటివాళ్లనూ అడగాలి. 'మా విత్తనం 90 శాతం మొలిచింది' అని కంపెనీ మనిషి అంటే, ఎన్ని గింజలు వేశారు, ఎన్ని మొలిచాయి, ఏ లాట్‌లోవి అని అడగండి. 'ఈ మందు వాడిన రైతుల్లో 80 శాతం మందికి తెగులు తగ్గింది' అని రంగుల కాగితం పంచితే, ఎందరిలో ఎందరు అని అడగండి. ఐదుగురిలో నలుగురైనా 80 శాతమే. ఇంకొక గుర్తు చెబుతాం. కాగితంలో 33.33 శాతం, 66.67 శాతం, 14.29 శాతం లాంటి అంకెలు కనపడితే అనుమానించండి. చాలాసార్లు అవి ముగ్గురిలో ఒకరు, ముగ్గురిలో ఇద్దరు, ఏడుగురిలో ఒకరు. చుక్క తర్వాత అంకెలు పెట్టడం వల్ల లెక్క గట్టిపడదు, గట్టిగా ఉన్నట్టు కనపడుతుంది.

మళ్లీ లెక్కపెడితే ఏం బయటపడింది

ఆ దెబ్బ తగిలాక మండల కమిటీ ఆ 102 సర్వే కాగితాలను మళ్లీ ముందు వేసుకుంది. అప్పుడు మనలో ఒక పెద్దాయన, బడి ముఖం చూడనివాడు, ఒక మాట అన్నాడు. "మొలిచేది ఊరు కాదురా, విత్తనం. ఊరి ప్రకారం ఎందుకు పంచుతున్నారు?" అన్నాడు. ఒక్కొక్క సంచికీ చీటీ ఉంటుంది, చీటీ మీద లాట్ నంబరు ఉంటుంది. ఒక లాట్ అంటే ఒకచోట ఒకసారి శుద్ధి చేసి పరీక్షించిన విత్తనం. పరీక్ష ఫలితం లాట్‌కే గానీ ఊరికి ఉండదు.

కార్యకర్తలు మళ్లీ ఇళ్లకు పోయి చీటీలు వెతికించారు. 102 మందిలో 71 మంది దగ్గర చీటీలో, ఖాళీ సంచులో దొరికాయి. రెండు లాట్లు కలిసి మన ఐదు ఊళ్లకు వచ్చాయని తేలింది. మొదటి లాట్ వేసినవాళ్లు 46 మంది, వాళ్లలో 38 మందికి మొలవలేదు. రెండో లాట్ వేసినవాళ్లు 25 మంది, వాళ్లలో నలుగురికి మొలవలేదు. చీటీలు దొరకనివాళ్లు 31 మంది, వాళ్లలో 10 మందికి మొలవలేదు. మూడూ కూడండి, 102 మంది, 52 మంది. లెక్క సరిపోయింది.

ఇప్పుడు శాతం కట్టినా ఫరవాలేదు. మొదటి లాట్‌లో 46 మందిలో 38 మంది, అంటే 83 శాతం. రెండో లాట్‌లో 25 మందిలో 4 మంది, అంటే 16 శాతం. ఇందాక చెప్పిన మోటు లెక్క వేయండి. 25 మందికి 20 వరకు ఊగు, 46 మందికి 15 వరకు ఊగు. రెండింటి మధ్య తేడా 67. ఈ తేడా ఊగులాటతో వచ్చేది కాదు. పదును తక్కువైతే రెండు లాట్లకూ తక్కువే కావాలి. అవే ఊళ్లు, అవే వానలు, ఒక లాట్ మొలిచింది, ఇంకొకటి మొలవలేదు. ఈ మాట మొదటి రోజే చెప్పగలిగి ఉంటే పదును మీదకు తోసేయడానికి అంత తేలికగా సందు దొరికేది కాదు.

ఈ లెక్కలతో రెండో అర్జీ ఇచ్చాం. పైన శాతం లేదు. 'ఈ లాట్ నంబరు విత్తనం వేసిన 46 మందిని అడిగాం, 38 మంది చేలల్లో సగం కూడా మొలవలేదు. పేర్లు, సర్వే నంబర్లు, విత్తిన తేదీలు జత చేశాం' అని ఒకే వాక్యం. ఆ లాట్ సంచులు గోడౌన్‌లో మిగిలినవి ఉన్నాయి. ఈసారి వాటి నుంచి నమూనా తీశారు. కానీ అప్పటికి నెలన్నర గడిచింది. చాలామంది చేలు చెడగొట్టి కొర్రో, కందో వేసేశారు. కొందరు బీడు పెట్టారు. పరిహారం సంగతి ఇంకా తేలలేదు. మొదటి కాగితమే ఇట్లా రాసి ఉంటే ఆ నెలన్నర మిగిలేది. ఆ బాధ్యత మనది.

విత్తన నష్టం మీద రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే చెప్పింది. అంటే మనం రాసే కాగితం రేపు వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యంగా నిలబడవచ్చు. ఎదుటి వకీలు మొదట అడిగేది 'ఎందరిలో ఎందరు' అనే.

లెక్క చెప్పినా తీరని చిక్కు

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాం. సంఖ్య పక్కన రాసినంత మాత్రాన సర్వే మంచిదైపోదు. ఆ రెండో ఊళ్లో విత్తనం తీసుకున్న ఇళ్లు 120. మనం అడిగింది 52. ఆ 52 మంది ఎవరు? చావిడి దగ్గర మీటింగ్ పెట్టి 'విత్తనం మొలవనివాళ్లు రండి' అని చాటింపు వేస్తే వచ్చినవాళ్లయితే, అందులో నష్టపోయినవాళ్లే ఎక్కువ ఉంటారు. అట్లా ఐదు వందల మందిని పోగేసినా శాతం తప్పే వస్తుంది. మోటు లెక్క కూడా అక్కడ పనిచేయదు. అందుకే విత్తనం తీసుకున్నవాళ్ల జాబితా సంపాదించి, ప్రతి రెండో పేరో మూడో పేరో వరుసగా అడగాలి. మొలిచినవాణ్ణి కూడా అడగాలి. ఇంట్లో లేనివాణ్ణి వదిలేయకుండా సాయంత్రం మళ్లీ పోవాలి. ఎట్లా ఎంచుకున్నామో నివేదికలో రెండు ముక్కలు రాయాలి.

ఇంకొక చిక్కు. కొన్నిసార్లు మన చేతిలో చిన్న సంఖ్యే ఉంటుంది, పెంచడానికి వీలుండదు. ఆ ఐదో ఊళ్లో సబ్సిడీ విత్తనం తీసుకున్నది ఆ ముగ్గురే. వాళ్ల గోడు చిన్నదని వదిలేయాలా? వదలకూడదు. ముగ్గురినీ ముగ్గురుగా రాయండి. ఎవరు, ఎప్పుడు విత్తారు, ఎంత పదును, ఏ లాట్, ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని కథగా రాయండి. రైతు ఆత్మహత్యల విషయంలోనూ ఇంతే. నిరుడు మండలంలో ఒకరు, ఈ ఏడు ముగ్గురు పోతే 'ఆత్మహత్యలు 200 శాతం పెరిగాయి' అని రాయవద్దు. వచ్చే ఏడు ఒకరే పోతే '67 శాతం తగ్గాయి' అని వాళ్లు రాసుకుంటారు, మన నోటికే తాళం పడుతుంది. మూడు ఇళ్లు అని రాయండి. ఆ మూడు ఇళ్ల అప్పు, కౌలు, పంట వివరాలు రాయండి. మనిషి పోయిన ఇంటిని శాతం చేయకూడదు.

కాబట్టి ఇక నుంచి మన నివేదికలకు మండల కమిటీ పెట్టిన పద్ధతి ఇది. ప్రతి చోటా 'ఇంతమందిలో ఇంతమంది' అని ముందు రాయాలి, శాతం దాని తర్వాత రావాలి. 20 మంది కన్నా తక్కువైతే శాతమే వద్దు, సంఖ్య చాలు. చుక్క తర్వాత అంకెలు వద్దు. చిన్న ఊళ్లను కలిపి చూపించాలి, కానీ ఒక్కొక్క ఊరి సంఖ్యను దాచకూడదు. విత్తన ఫిర్యాదైతే ఊరి వారీగా కాకుండా లాట్ వారీగా పట్టిక వేయాలి. పోస్టరు మీద రాసే అంకెకూ ఇదే నియమం.

ఈ వచ్చే ముంగారుకు విత్తనం తెచ్చుకున్న రోజే ప్రతి ఇంట్లో సంచి చీటీని పాస్‌పుస్తకంలో పెట్టించండి. పోయినసారి 31 మంది చీటీలు దొరకలేదు. వాళ్లలో నష్టపోయిన ఆ 10 మంది ఏ లాట్ కిందకు వస్తారో ఈ రోజుకీ మనం చెప్పలేకపోతున్నాం.